మీటింగ్ మార్చాలంటే ముందు వాళ్ల గడియారం చూడాలి

పక్క గదిలో కూర్చునే పైఅధికారితో మీటింగ్ మార్చుకోవడం నిమిషం పని. తలుపు దగ్గర నిలబడి ‘రేపు కుదరదు సర్, ఎల్లుండి కూర్చుందామా?’ అంటే సరిపోతుంది. అదే ఆయన డాలస్‌లో, మీరు హైదరాబాద్‌లో ఉంటే ఆ ఒక్క మాట తేలడానికి మూడు రోజులు పట్టవచ్చు. ఆయనకు కోపం వచ్చి కాదు, మీరు సరిగ్గా అడగలేదనీ కాదు. మనకు తెల్లవారే వేళకు అక్కడ పొద్దు గుంకుతుంది. ఆయన ఆఫీసులో కూర్చునేసరికి ఇక్కడ రాత్రి భోజనాల వేళవుతుంది. అందుకే మధ్యలో తిరిగి అడగాల్సి వచ్చిన ప్రతి చిన్న ప్రశ్నకూ దాదాపు ఒక రోజు ఖర్చవుతుంది.

కాబట్టి దూరదేశంలో ఉన్న పెద్దవాళ్లతో మీటింగ్ మార్చుకోవాలంటే ఒకటే సూత్రం: ఆయన ఒక్క మాటలో జవాబు ఇవ్వగలిగేలా అడగాలి. లెక్కంతా మనమే వేసి, ఆయన గడియారం ప్రకారం రెండు మూడు కచ్చితమైన టైములు ముందు పెట్టాలి. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ ఆ లెక్కలో కొన్ని గోతులున్నాయి. ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఒక్క ప్రశ్నకు ఒక రోజు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే యువ ఇంజనీరు ఉందనుకుందాం. ఆమె పైఅధికారి డాలస్‌లో ఉంటారు, మన తెలుగాయనే. 2026 అక్టోబర్ 29, గురువారం, ఇక్కడి రాత్రి 7:30కి వాళ్లిద్దరికీ అరగంట మీటింగ్ ఉంది. డాలస్‌లో అప్పుడు అదే గురువారం ఉదయం 9 గంటలు. వచ్చే రిలీజ్ గురించి ఆయన నిర్ణయం చెప్పాలి. అయితే ఆ సాయంత్రమే ఆమె నాన్నగారికి స్పెషలిస్ట్ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. ఆయన్ని తీసుకెళ్లడానికి ఇంట్లో మరెవరూ లేరు.

మంగళవారం, అక్టోబర్ 27 సాయంత్రం 6:30కి ఆమె ఇలా రాసిందనుకోండి: ‘సర్, గురువారం నాకు కుదరడం లేదు. మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పగలరా?’ చూడ్డానికి మర్యాదగానే ఉంది. అప్పుడు డాలస్‌లో ఉదయం 8 గంటలు. ఆయన వరస మీటింగుల్లో ఉండి సాయంత్రం 4 గంటలకు మెయిల్ తెరిచారు. ‘వచ్చేవారం ఏదో ఒక ఉదయం చూద్దాం’ అని రాశారు. మనకు అది అర్ధరాత్రి దాటి 2:30. ఆమె బుధవారం ఉదయం 9 గంటలకు చూసి, ‘బుధవారం 8:30 ఓకేనా సర్?’ అని అడిగింది. అక్కడ మంగళవారం రాత్రి 10:30. ఆయన అది చూసింది మర్నాడు ఉదయమే. చూడగానే ఆయనకు రెండు అనుమానాలు వచ్చాయి. ఏ బుధవారం? 8:30 అంటే ఎవరి 8:30? ఆయన తిరిగి అడిగారు. దానికి ఆమె జవాబు రాసే వేళకు ఆయన వేరే పనిలో ఉన్నారు. గురువారం వచ్చేసింది, ఏమీ తేలలేదు.

ఇక్కడ ఇద్దరిలో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. ‘మీకు ఎప్పుడు వీలు?’ అని వదిలేయడంలో గౌరవం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది పనిని పెద్దాయన మీదికి నెట్టడమే. ఆయన తన క్యాలెండర్ తెరిచి, ఖాళీ వెతికి, ఆ వేళకు హైదరాబాద్‌లో ఎంతవుతుందో లెక్కగట్టి, అంత రాత్రి ఈ అమ్మాయిని కూర్చోబెట్టడం బాగుంటుందా అని ఆలోచించాలి. మీటింగ్ మార్చమని కోరింది మనమైనప్పుడు ఆ శ్రమ మనమే పడాలి.

ఎవరి గడియారం ఎప్పుడు మారుతుంది

భారతదేశమంతటికీ ఒకే టైమ్. 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నాం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి మనం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటాం. ఆ అరగంట ముక్క అక్కడి నుంచి వచ్చిందే. డాలస్ ఉన్న సెంట్రల్ టైమ్‌కు ఆధారం 90 డిగ్రీల పడమటి రేఖాంశం, అంటే గ్రీనిచ్ కంటే ఆరు గంటలు వెనక. రెండూ కలిపితే మనకూ డాలస్‌కూ అసలు తేడా పదకొండున్నర గంటలు.

అయితే ఏడాదిలో ఎక్కువ భాగం ఈ తేడా పదిన్నర గంటలే ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతాయి, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తాయి. 2026లో ఆ నవంబర్ ఆదివారం 1వ తేదీనే వస్తోంది. మన దగ్గర గడియారాలు ఎప్పుడూ జరపం. అందువల్ల అక్టోబర్ 31 వరకూ ఒక లెక్క, నవంబర్ 1 తర్వాత ఇంకో లెక్క.

మన ఉదాహరణలో చిక్కంతా ఇక్కడే ఉంది. పాత మీటింగ్ అక్టోబర్ 29న. కొత్తది బహుశా తర్వాతి వారంలో. ‘మామూలుగా మన రాత్రి 7:30 అంటే ఆయనకు ఉదయం 9 కదా’ అన్న అలవాటుతో నవంబర్ 4న రాత్రి 7:30 అని రాస్తే, అది ఆయనకు 9 కాదు, 8 అవుతుంది. ఆయన ఇంకా ఇంట్లోనో కారులోనో ఉంటారు. మీటింగ్ మార్చమని అడిగి, పొరపాటున గంట ముందుకు లాగినట్టవుతుంది.

లెక్క వేయడానికి తేలిక పద్ధతి ఒకటి ఉంది. మన టైమ్‌లో ముందు పన్నెండు గంటలు తీసేయండి. అంటే అంకె అలాగే ఉంచి, రాత్రిని ఉదయం చేయండి. డాలస్‌కైతే ఎండాకాలపు లెక్కలో దానికి గంటన్నర కలపండి, చలికాలపు లెక్కలో అరగంట కలపండి. ఉదాహరణకు మన రాత్రి 8:30 మొదట ఉదయం 8:30 అవుతుంది. అక్టోబర్‌లో అయితే దానికి గంటన్నర కలిపి 10:00. నవంబర్ 1 తర్వాత అయితే అరగంట కలిపి 9:00. న్యూజెర్సీలో ఉన్నవారికి ఇంకో గంట కలపాలి. సియాటిల్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే డాలస్ టైమ్ నుంచి రెండు గంటలు తీసేయాలి. అప్పుడు మన రాత్రి 8:30 వాళ్లకు అక్టోబర్‌లో ఉదయం 8, నవంబర్‌లో 7. అమెరికా అంతటా ఒకే లెక్క నడవదని ఇక్కడే తెలుస్తుంది. అరిజోనాలో చాలా భాగం అసలు గడియారాలు మార్చనే మార్చదు.

నోటి లెక్క వేశాక క్యాలెండర్‌లో సరిచూసుకోవాలి. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో `Display secondary time zone` అని ఉంటుంది. అది ఆన్ చేసి రెండో గడియారంగా సెంట్రల్ టైమ్ పెట్టుకుంటే రెండు ఊళ్ల గంటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. అయితే క్యాలెండర్‌ను నవంబర్ వారానికి జరిపి చూడాలి. ఈ వారం పేజీలో తేడా చూసుకుని దాన్నే వచ్చేవారానికి వాడితే పొరపాటు మళ్లీ మొదటికొస్తుంది.

ఏ మూడు టైములు?

డాలస్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే, నవంబర్ తర్వాత మనకు రాత్రి 8:30 నుంచి తెల్లవారుజామున 4:30 వరకు. ఇందులో మనిషి బుర్ర పనిచేసే వేళ రాత్రి పదిన్నర, పదకొండు దాకానే. అంటే మన చేతిలో ఉన్నది ఆయన ఉదయంలో రెండున్నర గంటల కిటికీ. మన ఉదయం వేళ కూర్చుందామంటే ఆయనకు సాయంత్రం దాటిపోతుంది. మన ఉదయం 7 ఆయనకు ముందు రోజు రాత్రి 7:30. అది ఇంట్లో వాళ్లతో గడిపే సమయం. ఆయనే ‘సాయంత్రాలు నాకు బాగుంటాయి’ అని చెప్పి ఉంటే తప్ప అటువైపు వెళ్లకపోవడమే మంచిది.

అర్ధరాత్రి దాటాక 1 గంట, 2 గంటలు కూడా ఇవ్వకూడదు. ‘మీ ఇష్టం సర్, ఎంత రాత్రయినా కూర్చుంటాను’ అనడం వినయంలా ఉంటుంది. కానీ ఆయన నిజంగా ఒంటిగంట ఎంచుకుంటే ఆ మీటింగ్‌లో నిర్ణయం వివరించాల్సింది నిద్రమొహంతోనే. మనం నిజంగా నిలబెట్టుకోగల టైమ్ మాత్రమే రాయాలి.

ఇప్పుడు రోజులు. మూడు టైములూ ఒకే రోజు ఇస్తే ఆయన ఆ రోజు ప్రయాణంలో ఉంటే మూడూ పోతాయి. మూడు రోజుల్లోనూ ఒకే గంట ఇస్తే, ఆయనకు రోజూ ఆ గంటకు వేరే మీటింగ్ ఉంటే మళ్లీ మూడూ పోతాయి. అందుకే రోజు, గంట రెండూ మార్చి ఇవ్వాలి. పని త్వరగా తేలాలి కాబట్టి వాటిలో ఒకటి వీలైనంత దగ్గరలో ఉండాలి.

ఆమె మొదటిది శుక్రవారం, అక్టోబర్ 30 పెట్టింది. మన రాత్రి 8:30, డాలస్‌లో ఉదయం 10:00. తర్వాతి వారంలో సోమవారం వదిలేసింది. ఆదివారం గడియారం మారిన మర్నాడు కాబట్టి అక్కడ అందరి క్యాలెండర్లూ కాస్త కలగాపులగంగా ఉంటాయి. మంగళవారం, నవంబర్ 3 కూడా వదిలేసింది. ఆ రోజు అమెరికాలో మధ్యంతర ఎన్నికల పోలింగ్. దేశమంతటికీ సెలవు కాకపోయినా చాలామంది ఉదయమే ఓటు వేయడానికి వెళ్తారు. కాబట్టి రెండోది బుధవారం, నవంబర్ 4. మన రాత్రి 8:30, ఆయనకు ఉదయం 9:00. మూడోది గురువారం, నవంబర్ 5. మన రాత్రి 10:30, ఆయనకు ఉదయం 11:00.

మొదటి రెండింటిలోనూ మన టైమ్ ఒకటే, రాత్రి 8:30. ఆయన టైమ్ మాత్రం ఒకచోట 10, ఇంకోచోట 9. ఎవరైనా ఈ మెయిల్ చూసి ‘ఇదేదో తప్పుపడింది’ అనుకునే అవకాశం ఉంది. అందుకే గడియారం మారుతున్న సంగతి మెయిల్‌లోనే ఒక వాక్యంలో చెప్పాలి. లేకపోతే ఆ అనుమానం తీర్చుకోవడానికి ఇంకో రోజు పోతుంది.

మెయిల్ ఎలా ఉండాలి

ఆఫీసు మెయిల్ సాధారణంగా ఇంగ్లిష్‌లో వెళ్తుంది. వరస తెలియడం కోసం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

*విషయం: అక్టోబర్ 29 గురువారం మీటింగ్ మార్చడం గురించి – మూడు టైములు*

*నమస్కారం సర్,*

*అక్టోబర్ 29, గురువారం, మీ ఉదయం 9:00కి ఉన్న రిలీజ్ మీటింగ్‌కు నేను రాలేకపోతున్నాను. ఆ సాయంత్రం నాన్నగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. కింది వాటిలో మీకు ఏది వీలవుతుందో చెప్పగలరు. ఏదైనా అరగంటే.*

*1. శుక్రవారం, అక్టోబర్ 30 – డాలస్ ఉదయం 10:00 (హైదరాబాద్ రాత్రి 8:30)*

*2. బుధవారం, నవంబర్ 4 – డాలస్ ఉదయం 9:00 (హైదరాబాద్ రాత్రి 8:30)*

*3. గురువారం, నవంబర్ 5 – డాలస్ ఉదయం 11:00 (హైదరాబాద్ రాత్రి 10:30)*

*నవంబర్ 1న మీ దగ్గర గడియారాలు మారుతున్నాయి. ఆ మార్పు కలిపే ఈ టైములు లెక్కవేశాను. మూడూ నా క్యాలెండర్‌లో ఖాళీగా ఉంచాను. నంబరు ఒక్కటి రాస్తే చాలు, ఇన్విటేషన్ నేను మారుస్తాను. బుధవారం, అక్టోబర్ 28, మీ ఉదయం 11:00 లోపు తెలిపితే మిగతావాళ్లకూ చెప్పగలను. ఈ మూడూ కుదరకపోతే గురువారం మీటింగ్ అలాగే ఉంచుదాం. నా బదులు టీమ్ లీడ్ వివరాలన్నీ తీసుకుని హాజరవుతారు.*

ఇందులో డాలస్ టైమ్ ముందుంది, మన టైమ్ బ్రాకెట్లో ఉంది. ఆయన కన్ను తన టైమ్ మీదే ముందు పడాలి. సీఎస్‌టీ, సీడీటీ లాంటి పొడి అక్షరాలకు బదులు ఊరి పేరు రాసింది. సీఎస్‌టీ అంటే చలికాలపు సెంట్రల్ టైమ్. అక్టోబర్‌లో నడిచేది సీడీటీ. చాలామంది ఏడాది పొడవునా సీఎస్‌టీ అనే రాస్తారు, చదివేవాళ్లు గంట తేడాతో లెక్కవేస్తారు. ఊరి పేరుకు ఆ గొడవ లేదు, డాలస్‌లో గోడమీది గడియారం ఎంత చూపిస్తే అంత.

తేదీని అంకెలతో కాకుండా నెల పేరుతో రాయడానికీ కారణం ఉంది. మనం నవంబర్ 4ను 4/11 అని రాస్తాం. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి అక్కడ అది ఏప్రిల్ 11. రోజు పేరు, నెల పేరు రెండూ ఉంటే ఒకదాన్ని ఇంకొకటి కాపాడుతుంది. బుధవారం నవంబర్ 5 అని పొరపాటున రాస్తే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ‘రేపు’, ‘ఈ రాత్రి’, ‘వచ్చే బుధవారం’ అనే మాటలు ఇలాంటి మెయిల్‌లో ఉండకూడదు. మనం రాసే వేళకు మనకు ఒక రోజు, ఆయనకు ఇంకో రోజు కావచ్చు.

కారణం ఒక్క వాక్యంలో సరిపోయింది. ఏ డాక్టరు, ఏ జబ్బు, అపాయింట్‌మెంట్ ఎంత కష్టం మీద దొరికింది అన్నవి అవసరం లేదు. కారణం పొడవయ్యేకొద్దీ టైములు కిందికి జారిపోతాయి. ఫోన్‌లో మెయిల్ చూసే మనిషికి అవి కనిపించకుండా పోతాయి.

పంపే వేళ, పంపిన తర్వాత

ఈ మెయిల్ మంగళవారం, అక్టోబర్ 27 సాయంత్రం 6:30కి వెళ్తే ఆయనకు ఉదయం 8 గంటలకు, రోజు మొదలయ్యే వేళకు చేరుతుంది. మన మధ్యాహ్నం పంపితే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. తెల్లారేసరికి వచ్చి పడిన మెయిళ్ల కింద అది అడుగున ఉంటుంది.

పంపిన వెంటనే ఆమె చేయాల్సిన పని, ఆ మూడు టైములనూ తన క్యాలెండర్‌లో ఆపి ఉంచడం. ఈలోగా ఇంకెవరైనా బుధవారం 8:30కి ఇంకో మీటింగ్ పెట్టేస్తే, ఆయన ‘2’ అని రాసినా పనికిరాదు. ఇచ్చిన టైమ్‌ను మనమే వెనక్కి తీసుకోవడం అన్నిటికంటే ఇబ్బందికరం. జవాబు రాగానే మిగతా రెండూ వదిలేయాలి.

బుధవారం మన రాత్రి 9:30 దాకా జవాబు రాకపోతే, మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఆయన ‘సరే’ అనేదాకా పాత మీటింగ్ రద్దు కానట్టే. గురువారం ఆయన ఉదయం 9కి వచ్చి కూర్చుని ఎదురు చూడవచ్చు. మెయిల్ చివర్లో టీమ్ లీడ్ వస్తారని రాసింది ఇందుకే. ఆయనకు సెక్రటరీ ఉంటే ఆవిడకు కూడా మొదటే ఒక కాపీ పెట్టడం మంచిది. చాలాసార్లు క్యాలెండర్ చూసి నంబరు చెప్పేది ఆవిడే.

ఆయన ‘2’ అని రాశాక, పాత ఇన్విటేషన్‌ను తుడిచేసి కొత్తది పంపడం కంటే ఉన్నదాన్నే కొత్త టైమ్‌కు జరపడం మేలు. దానికి జతచేసిన పేపర్లు, పిలిచిన మనుషులు, వీడియో లింకు అన్నీ అలాగే ఉంటాయి. జరిపేటప్పుడు టైమ్ జోన్ దగ్గర సెంట్రల్ టైమ్ ఎంచుకుని ఉదయం 9:00 అని పెడితే, ఎవరి ఫోన్‌లో వాళ్ల టైమ్ దానంతట అదే కనిపిస్తుంది. పెట్టాక తన క్యాలెండర్‌లో అది రాత్రి 8:30 దగ్గర పడిందో లేదో ఒకసారి చూసుకోవాలి. 7:30 దగ్గర కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగింది, తేదీ పాత వారంలో పడి ఉండవచ్చు. ఒకవేళ ఇన్విటేషన్ పంపింది ఆయనే అయితే మనం దాన్ని జరపలేం. ఔట్‌లుక్‌లో `Propose New Time` అనే వీలుంది కానీ దాంతో ఒకసారికి ఒక్క టైమే సూచించగలం. మూడింటిలో ఎంచుకోమనాలంటే మెయిలే దారి.

ఈ పద్ధతి ఎక్కడ ఆగుతుంది

ఇద్దరి మధ్య మీటింగ్‌కు మూడు టైములు చాలు. లండన్ నుంచి మూడో మనిషి కలిస్తే లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. అక్కడ గడియారాలు అక్టోబర్ చివరి ఆదివారం, అంటే 2026లో 25వ తేదీనే మారతాయి. ఆ ఒక్క వారం లండన్‌కూ డాలస్‌కూ తేడా ఆరు గంటలు కాదు, అయిదే. నలుగురైదుగురు ఉంటే ముందు మిగతావాళ్లతో విడిగా మాట్లాడి అందరికీ కుదిరిన రెండు టైములు తేల్చుకున్నాక పెద్దాయనకు రాయాలి. ఆయన్ని ఆ బేరసారాల మధ్యకు లాగకూడదు.

మీటింగ్‌కు ఇంకా మూడు నాలుగు గంటలే ఉన్నప్పుడు మెయిల్ పనికిరాదు. ఆయన నిద్రలేవగానే చూసే చోట, ఆఫీసు చాట్‌లోనో ఫోన్ మెసేజ్‌గానో, ‘ఈ రోజు రాలేను, నా బదులు ఫలానావారు వస్తారు, కొత్త టైములు మెయిల్‌లో పంపుతాను’ అని రెండు ముక్కలు రాయాలి. టైముల జాబితా తర్వాత నింపాదిగా పంపవచ్చు.

వారం వారం జరిగే మీటింగ్ అయితే నవంబర్ రాకముందే ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఇన్విటేషన్ డాలస్ టైమ్ మీద పెట్టి ఉంటే, ఆయనకు ఎప్పటిలాగే ఉదయం 9కే ఉంటుంది. మనకు మాత్రం 7:30 నుంచి 8:30కి జరుగుతుంది. హైదరాబాద్ టైమ్ మీద పెట్టి ఉంటే మనకు ఏ మార్పూ ఉండదు, ఆయనకు ఉదయం 8 అవుతుంది. ఎవరిది జరగాలో అక్టోబర్‌లోనే ఆయన్ని అడిగి మాట అనుకుంటే, నవంబర్ మొదటి వారంలో ఒక్కో మీటింగ్‌నూ విడివిడిగా మార్చమని అడగాల్సిన పని ఉండదు. మార్చిలో గడియారాలు మళ్లీ మారేదాకా అదే టైమ్ నడుస్తుంది.